భోజన విరామంలో లైన్ ఆగకూడదంటే: రిలీవరా, పక్క మెషిన్ మనిషా?

భోజనం టైములో మెషిన్ ఆగకుండా ఉండాలంటే రిలీవర్‌ని పెట్టడం మేలా, పక్క మెషిన్ ఆపరేటర్‌నే ఆ అరగంట రెండూ చూసుకోమనడం మేలా? షిఫ్టులు నడిపేవాళ్లు ఎవరు కలిసినా తిప్పి తిప్పి ఇదే అడుగుతున్నారు. అడిగేవాళ్లలో చాలామంది మనసులో జవాబు ముందే ఉంటుంది. "రిలీవర్ అంటే అదనంగా ఒక మనిషి. అరగంటే కదండీ, సర్దుకుంటే పోలా?" అంటారు. ఆ అరగంటలో ఏం జరుగుతుందో ఒక లైను మీద లెక్క వేసి చూస్తే, ఎక్కడ సర్దుకోవచ్చో, ఎక్కడ కుదరదో తేలిపోతుంది.

సీసాలు నింపే లైను ఒకటి తీసుకుందాం. ఫిల్లర్ నిమిషానికి 120 సీసాలు నింపుతుంది. ఆ తర్వాత లేబులర్, అది నిమిషానికి 132 దాకా లాగగలదు. రెండింటి మధ్య కన్వేయర్ మీద 240 సీసాలు నిలబడే చోటు ఉంది. అంటే లేబులర్ ఆగినా ఫిల్లర్‌కి 2 నిమిషాల గడువు ఉంటుంది. చాలా లైన్లలో అసలు కాపాడుకోవాల్సింది ఫిల్లర్‌నే. అది ఆగితే పోయిన నిమిషం మళ్లీ రాదు. పైగా చాలా ఫిల్లర్లలో, ఆగిన క్షణాన వాల్వుల కింద ఉన్న సీసాల్లో మట్టం తేడా వస్తుంది, వాటిని తీసి పక్కన పెట్టాలి.

లేబులర్ దగ్గర మనిషి ఉన్నప్పుడు అరగంటలో మూడుసార్లు ఆగిందనుకోండి. స్టిక్కర్ చిరగడం, సీసా పడిపోవడం, రీల్ అయిపోవడం లాంటివి. 3,000 స్టిక్కర్ల రీల్ నిమిషానికి 120 చొప్పున 25 నిమిషాలే వస్తుంది కాబట్టి, ఏ అరగంట తీసుకున్నా రీల్ మార్పు కనీసం ఒకటి తప్పదు. చేయి తిరిగినవాడు ఒక్కో ఆగుదలను నిమిషంలో సరిచేస్తాడు. ఆ నిమిషంలో కన్వేయర్ మీద 120 సీసాలు పేరుకుంటాయి, లేబులర్ మళ్లీ నడిచాక నిమిషానికి 12 చొప్పున కరిగిపోతాయి. తర్వాతి ఆగుదల వచ్చేసరికి కన్వేయర్ దాదాపు ఖాళీ అవుతుంది. ఫిల్లర్‌కి ఈ సంగతే తెలియదు.

ఇప్పుడు ఆ మనిషి భోజనానికి వెళ్లాడు, ప్యాకింగ్ దగ్గరున్నవాడు రెండూ చూస్తున్నాడు. లేబులర్ అప్పుడూ మూడుసార్లే ఆగుతుంది, ఎందుకంటే మెషిన్ అదే, స్టిక్కర్లూ అవే. కానీ అతను చేతిలో పని వదిలి, లైటు చూసుకుని, నడిచి వచ్చి, సరిచేసి, నడిపేసరికి ఒక్కో ఆగుదల 4 నిమిషాలవుతుంది. మొదటిసారి 2 నిమిషాలకే కన్వేయర్ నిండి ఫిల్లర్ ఆగుతుంది. రెండోసారికి కన్వేయర్ ఇంకా పూర్తిగా ఖాళీ కాలేదు కాబట్టి ఫిల్లర్ ఇంకా ముందే ఆగుతుంది, మూడోసారీ అంతే. మొత్తం కలిపితే 30 నిమిషాల్లో ఫిల్లర్ దాదాపు 9 నిమిషాలు నిలబడిపోతుంది. "లైన్ ఆపలేదు" అని రిజిస్టర్‌లో రాసుకుంటాం, వెయ్యికి పైగా సీసాలు మాత్రం లేవు.

అలాగని ఎవరో ఒకరిని రిలీవర్‌గా నిలబెడితే చాలదు. చాలాచోట్ల చేసేది, నిన్నగాక మొన్న చేరిన హెల్పర్‌ని పంపడం. "అరగంటే కదా, కాసేపు చూస్తూ ఉండరా" అంటారు. అతను మెషిన్ పక్కనే ఉంటాడు, ఆగగానే అందుకుంటాడు. కానీ రీల్ రోలర్ల మధ్య నుంచి వంకరగా ఎక్కిస్తాడు, సెన్సర్‌ని కాస్త కదిలిస్తాడు, దాంతో మూడు ఆగుదలలు ఏడవుతాయి. ఒక్కోటీ నిమిషమున్నరే. చూడ్డానికి చిన్నవే, కానీ వాటి మధ్య మెషిన్ నడిచేది 3 నిమిషాలు కూడా ఉండదు, పేరుకున్నది కరిగే సందు దొరకదు. రెండో ఆగుదలకే కన్వేయర్ నిండిపోతుంది, అరగంట అయ్యేసరికి ఫిల్లర్ సుమారు 7 నిమిషాలు పోగొట్టుకుంటుంది. పక్కవాడు సర్దినదానికీ దీనికీ పెద్ద తేడా లేదు.

నా దృష్టిలో ఈ చర్చ తేలేది ఇక్కడే. చాలా మెషిన్ల ప్యానెల్‌లో ఆగుదలల లాగ్ ఉంటుంది. భోజనం వేళల్లో ఎన్నిసార్లు ఆగింది, ఒక్కోసారి ఎంతసేపు ఆగింది అనేవి విడివిడిగా, ఓ పది రోజులవి తీసి చూడండి. సంఖ్య మామూలుగానే ఉండి నిడివి పెరిగితే మనిషి దగ్గర లేడని అర్థం, రిలీవర్ కావాలి. నిడివి పెద్దగా పెరగకుండా సంఖ్య పెరిగితే మనిషి ఉన్నాడు కానీ పని రాదని అర్థం, శిక్షణ కావాలి. రెండూ బాగా పెరిగితే పని రానివాడు దూరం నుంచి వస్తున్నాడు. చాలామంది మొత్తం పోయిన నిమిషాలు మాత్రమే చూస్తారు. అందులో ఈ తేడా కనపడదు, కాబట్టి "రిలీవర్‌ని పెట్టినా లాభం లేకపోయింది" అని తేల్చేస్తారు.

లాగ్‌లో కనపడనిది చెక్ షీట్‌లో కనపడుతుంది. పావుగంటకోసారి మూత బిగుతు, తేదీ ముద్ర చూసి రాయాలి. పక్కవాడు రెండు మెషిన్లు చూసే రోజుల్లో ఆ షీట్ తీయండి. భోజనం టైములోని గళ్లన్నీ ఒకే ఒత్తిడితో, ఒకే వాలుతో, ఒక్క ఊపులో రాసినట్టు ఉంటాయి. అంకెలు కూడా పైన గడిలోవే. ఆ అరగంటలో తేదీ ముద్ర చెదిరిపోయి ఉంటే సరుకు గోడౌన్‌కి వెళ్లాక తెలుస్తుంది. దానికి ఆ ఆపరేటర్‌ని తిట్టి లాభం లేదు. రెండు చోట్ల ఏకకాలంలో ఉండమని చెప్పింది మనమే.

నా మొగ్గు రిలీవర్ వైపే అని ఈపాటికి మీకు అర్థమై ఉంటుంది. అయితే ఎంతమంది కావాలన్న దగ్గర లెక్క తప్పేవాళ్లు ఎక్కువ. మన లైనులో 8 పోస్టులున్నాయనుకుందాం, షిఫ్టు ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2 వరకు. ఎవరూ విరామం లేకుండా 5 గంటలకు మించి పని చేయకూడదన్నది రూలు అనుకుంటే, చివరి మనిషి 11 లోపు లేవాలి. 8:30 కంటే ముందు పంపితే తర్వాత మిగిలిన షిఫ్టు మరీ పొడుగైపోతుంది. భోజనం 30 నిమిషాలు, అప్పగింతకు, నడకకు కలిపి 5. అంటే ఒక్కో వంతు 35 నిమిషాలు. 8:30, 9:05, 9:40, 10:15, 10:50. ఒక రిలీవర్‌కి ఐదు వంతులు.

ఇక్కడ ఐదుగురిని చూసుకుంటాడని రాసేస్తారు. మరి రిలీవర్ ఎప్పుడు తింటాడు? చివర్లో తింటాడంటే 11:25 అవుతుంది, అతనికీ అదే రూలు. కాబట్టి ఒక వంతు అతనిదే, మిగిలింది నలుగురికే. 8 పోస్టులకు ఇద్దరు రిలీవర్లు, సరిగ్గా సరిపోయింది. మిగులు 10 నిమిషాలే. ఎవరో ఒకరు 10 నిమిషాలు ఆలస్యంగా తిరిగొస్తే చివరివాడు 11కి లేస్తాడు, ఇద్దరు ఆలస్యం చేస్తే రూలు దాటాం. ఆ చివరి వంతు ఎప్పుడూ ఒకరికే పడితే గొడవలు మొదలవుతాయి, కాబట్టి వారం వారం వరస మార్చాలి. 8:30కి ముందు, 11:25 తర్వాత రిలీవర్ ఖాళీగా ఉంటాడేమో అని దిగులు అక్కర్లేదు. బాత్రూమ్ బ్రేకులు, స్టిక్కర్ రీళ్లు తెచ్చి పెట్టడం, చెక్ షీట్ కొలతలు, అన్నీ అతనికే వస్తాయి.

అప్పగింతకు 5 నిమిషాలు ఎందుకని అడుగుతారు. వెళ్లేవాడు చెప్పాల్సినవి మూడే: ఇవాళ మెషిన్ ఎక్కడ సతాయిస్తోంది, రీల్ ఎంత మిగిలింది, తను ఏ సెట్టింగ్ కదిపాడు. ఇద్దరూ ఒక నిమిషం కలిసి మెషిన్ ముందు నిలబడాలి, చేయి ఊపి వెళ్లిపోతే కాదు. రిలీవర్ సెట్టింగులు ముట్టుకోకూడదు. ముట్టుకోక తప్పకపోతే, ఎంత ఉంటే ఎంతకు మార్చాడో రాసి పెట్టాలి. లేకపోతే తిరిగొచ్చినవాడు ఇంకో అరగంట దాన్ని వెనక్కి తిప్పుతూ కూర్చుంటాడు.

ఇంకోటి, ఇది మాత్రం బేరాల్లేనిది. జామ్ తీయడానికి, మధ్యలో ఎవరూ నడపకుండా మెషిన్‌కి తాళం వేసి ఉండగా మనిషి మార్పు జరగకూడదు. తాళం వేసినవాడు తాళంచెవి జేబులో వేసుకుని భోజనానికి పోతాడు, లేదా "నువ్వు కానివ్వు" అని తాళం తీసేసి పోతాడు. రెండూ ప్రమాదమే. పని ముగించి వెళ్లాలి, లేదా రిలీవర్ తన తాళం వేశాకే అతను తనది తీయాలి. పక్కవాడు రెండు మెషిన్లు చూసే పద్ధతిలో నాకు అన్నిటికంటే భయం కూడా ఇదే. అక్కడ రెండో మెషిన్ అరుస్తుంటే, ఇక్కడ మెషిన్ గార్డు తెరవకుండా పక్క సందులోంచి చేయి పెట్టేస్తారు.

సర్దుబాటు పనికొచ్చే చోట్లు లేకపోలేదు. ఖాళీ సీసాలు టేబుల్ మీదకు ఎక్కించే పోస్టు ఉంటుంది. అక్కడ ఆగుదలలు అరుదు, పని అంతా సరుకు నింపడమే. వెళ్లే ముందు టేబుల్ నిండా పెట్టి, ప్యాలెట్ అందుబాటులో ఉంచి వెళ్తే పక్కవాడు మధ్యలో ఒకటి రెండుసార్లు వచ్చి నింపితే సరిపోతుంది. అలాంటి పోస్టులు రెండున్నా, రిలీవర్లిద్దరికీ చెరో వంతు మిగిలి ఆ 10 నిమిషాల టెన్షన్ పోతుంది. పోస్టులన్నిటికీ ఒకే పద్ధతి అని పట్టు పట్టాల్సిన పని లేదు. పట్టుబడితే లేబులర్ దగ్గర పట్టుబట్టండి.

ఇక మిగతావి. సూపర్‌వైజరే నిలబడటం ఒకరోజుకి ఫర్వాలేదు, రోజూ అయితే లైను మీద సూపర్‌వైజర్ లేనట్టే. సగం మంది వెళ్లి లైను సగం వేగంతో నడవడం పైకి బాగానే ఉంటుంది, కానీ వేగం మారితే నింపే మట్టం, స్టిక్కర్ పడే చోటు మళ్లీ చూసుకోవాల్సిన మెషిన్లు చాలా ఉన్నాయి. అందరూ ఒకేసారి తినడానికి అరగంట ఆపేయడం కొంతమందికి తప్పులా అనిపిస్తుంది. ఆర్డర్లు లైను సామర్థ్యం కంటే తక్కువగా ఉంటే అదే చవక.

రిలీవర్లు ఉన్నచోట అందరికీ ఎదురయ్యేది ఒకటుంది. పొద్దున ఒకరు రాకపోతే మొదట పోస్టులోకి లాగేది రిలీవర్‌నే. ఇద్దరిలో ఒకరే మిగిలారు, 8 మంది తినాలి. అప్పుడు మళ్లీ ఎవరో ఒకరు రెండు మెషిన్లు చూడాల్సిందే. ఆ రోజు ఏ పోస్టుకి రిలీవర్, ఏ పోస్టుకి సర్దుబాటు అన్న వరస ముందే రాసి గోడకు అంటించి ఉండాలి. నా వరసలో మొదట లేబులర్, తర్వాత ఫిల్లర్, తర్వాత ప్యాకింగ్. ఫిల్లర్ రెండోది ఎందుకంటే అది సొంతంగా ఆగేది తక్కువ, దాన్ని ఆపేది ఎక్కువగా లేబులరే.