బోదకాలు, వరిబీజం: సూదా, ఆపరేషనా, మాత్రలా, సబ్బునీళ్లా? ఏది మేలు?

గోదావరి డెల్టాలో వరి పనులకు వెళ్లే నలభై ఐదేళ్ల మనిషిని ఉదాహరణగా తీసుకుందాం. బరువు 60 కిలోలు. వరిబీజం చిన్న కొబ్బరికాయంత ఉంది. ఎడమ కాలు పాదం నుంచి మోకాలి కింది దాకా వాచి, చీలమండ దగ్గర పైపైన ఒక మడత పడింది. రాత్రంతా పడుకుని లేచినా వాపు పూర్తిగా దిగదు. ఏడాదికి నాలుగుసార్లు చలిజ్వరం వచ్చి, గజ్జల్లో బిళ్ళ కట్టి, కాలు ఎర్రగా కాలిపోతూ వారం రోజులు పని పోతుంది. ఊళ్లో అందరూ తలో మాట చెబుతారు. సూదితో నీరు తీయించుకోమని ఒకరు, ఆపరేషన్ చేయించుకోమని ఒకరు, ఫైలేరియా మాత్రలు మళ్లీ మళ్లీ వేసుకోమని ఇంకొకరు. ఆశా కార్యకర్త మాత్రం టబ్బు, మగ్గు, సబ్బు ఇచ్చి రోజూ కాలు కడుక్కోమంటుంది.

మా మాట ముందే చెప్పేస్తాం. వరిబీజానికి ఆపరేషన్, కాలికి సబ్బునీళ్లు, పురుగుకు మాత్ర. ఒకదాని పని ఇంకొకటి చేయదు. ఎందుకో తెలియాలంటే రెండు చోట్లా నీరు ఎలా నిలుస్తుందో చూడాలి.

మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు ఒంట్లో చేరే ఫైలేరియా పురుగులు, కణజాలంలోని నీటిని తిరిగి రక్తంలోకి చేర్చే శోషరస నాళాల్లో కాపురం పెడతాయి. మగవాళ్లలో వృషణాలకు వెళ్లే నాళాలంటే వాటికి మరీ ఇష్టం. పురుగులున్న నాళం సాగిపోయి, నీటిని పైకి లాగే శక్తి కోల్పోతుంది. వృషణం చుట్టూ సహజంగానే రెండు పొరల సంచి ఒకటి ఉంటుంది. వరిబీజంలో నీరు ఆ సంచిలో చేరుతుంది కాబట్టి సంచిని కోసి తీసేయవచ్చు. కాలిలో అలాంటి సంచి లేదు. నీరు చర్మం కింద కండరం దాకా కణజాలమంతా ఇంకి ఉంటుంది. నిలిచిన ఆ నీటిలోకి బ్యాక్టీరియా దూరిన ప్రతిసారీ జ్వరం వస్తుంది, అది తగ్గాక లోపల కొంచెం గట్టిదనం మిగిలిపోతుంది. కాలు ఏనుగు కాలయ్యేది ఆ జ్వరాలు ఒకదాని మీద ఒకటి పడటం వల్లే.

ముందు అది వరిబీజమేనా, బోదకాలేనా అని చూడాలి

వృషణాల సంచి వాపంతా వరిబీజం కాదు. వాపు పై అంచు దగ్గర బొటనవేలు, చూపుడువేలు పెట్టి పట్టుకుని చూడాలి. వాపు పైన వేళ్లు కలిస్తే, అంటే వాపు సంచిలోనే మొదలై సంచిలోనే ముగిస్తే, అది వరిబీజం కావచ్చు. గజ్జలోంచి దిగుతున్నట్టుండి, దగ్గితే ఉబ్బి, పడుకుంటే లోపలికి పోయేది హెర్నియా. చీకటి గదిలో వాపు వెనక టార్చి పెడితే నీళ్ల వరిబీజం ఎర్రగా వెలుగుతుంది. పాతబడి సంచి గోడ మందమైనా, లోపల రక్తమో పాలలాంటి ద్రవమో ఉన్నా వెలగదు. కాబట్టి వెలగనంత మాత్రాన వరిబీజం కాదని తేల్చకూడదు, స్కానింగ్ చేయించాలి. నీటి మధ్య వృషణమే గట్టిగా, గడ్డలా తగిలినా స్కానింగ్ తప్పనిసరి, అది క్యాన్సర్ కావచ్చు. కుర్రవాడికి ఉన్నట్టుండి భరించలేని నొప్పి వస్తే వృషణం మెలిపడి ఉండవచ్చు. అప్పుడు గంటల్లో ఆసుపత్రికి చేరాలి, తెల్లారేదాకా ఆగకూడదు.

కాలికి ఒక చిన్న పరీక్ష ఉంది. బొటనవేలి పక్కనున్న వేలి మొదట్లో చర్మాన్ని గిల్లి పైకి లేపాలి. మామూలు కాలిలో లేస్తుంది, బోదవాపులో మందమై వేళ్లకు చిక్కదు. రెండు కాళ్లూ ఒకేసారి సమానంగా వాచి, నొక్కితే సొట్ట పడుతుంటే గుండె, మూత్రపిండాలు చూపించుకోవాలి. ఒక్క కాలే రెండు మూడు రోజుల్లో వాచి పిక్క నొప్పెడితే సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు.

రక్తపరీక్షను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. పురుగు పిల్లలు రాత్రిపూట రక్తంలో తిరుగుతాయి కాబట్టి స్లైడు పరీక్షకు రక్తం రాత్రే తీస్తారు. స్ట్రిప్ పరీక్ష మాత్రం పగలైనా చేయవచ్చు, వేలి నుంచి తీసిన రక్తంతో పది నిమిషాల్లో ఫలితం చెబుతుంది. అయితే కాలు వాచి ఏళ్లయినవాళ్లలో చాలామందికి రెండూ నెగెటివే వస్తాయి, పురుగులు ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి. నెగెటివ్ వచ్చిందంటే ఇప్పుడు పురుగు దొరకలేదని మాత్రమే. కాలు బోదకాలు కాదని కాదు.

వరిబీజానికి: సూదా, ఆపరేషనా?

సూదితో నీరు తీయడం పది నిమిషాల పని. ఖర్చు తక్కువ, సాయంత్రానికి నడవవచ్చు. అందుకే అందరికీ అదే నచ్చుతుంది. కానీ నీరూరే పొర అలాగే ఉంది, నాళం అలాగే చెడి ఉంది. వారాల్లోనో నెలల్లోనో మళ్లీ నిండుతుంది. గుచ్చిన ప్రతిసారీ రెండు ప్రమాదాలుంటాయి: సూది రక్తనాళానికి తగిలి సంచి రక్తంతో నిండటం, క్రిములు చేరి చీము పట్టడం. చీము పడితే వృషణమే పోవచ్చు. పదేపదే గుచ్చిన సంచి గోడ మందమై, తర్వాత చేసే ఆపరేషన్ కూడా కష్టమవుతుంది. ఫైలేరియా వరిబీజానికి చికిత్సగా సూదిని మేం ఎవరికీ చెప్పం.

ఆపరేషన్‌లో రెండు పద్ధతులున్నాయి. సంచిని చీల్చి, తిరగేసి వృషణం వెనక కుట్టేయడం ఒకటి. సంచి పొరను దాదాపు మొత్తంగా కోసి తీసేయడం రెండోది. ఫైలేరియా వల్ల వచ్చినదానికి రెండోదే మేలు, ఎందుకంటే మిగిలిన పొర మళ్లీ నీరూరించగలదు. రక్తస్రావం మాత్రం ఇందులో ఎక్కువ, అందుకని అంచుల్లో ప్రతి రక్తనాళాన్నీ ఓపిగ్గా మూసే చేయి కావాలి. మీ సర్జన్‌ని "పొర తీసేస్తారా, తిరగేస్తారా?" అని అడగడం తప్పేమీ కాదు.

తర్వాత సంచిని పైకి పట్టి ఉంచే లంగోటీ కట్టుకోవాలి, నెల రోజులు బరువులెత్తకూడదు, కుట్లు మానేదాకా చెరువు స్నానం వద్దు. కొన్ని వారాలు సంచి కాస్త ఉబ్బుగా, గట్టిగా ఉంటుంది, అది మామూలే. మొదటి రెండు రోజుల్లో సంచి గంటగంటకూ బిగుసుకుని నల్లబడుతుంటే లోపల రక్తం కారుతోందని అర్థం, వెంటనే వెనక్కి వెళ్లాలి.

ఒక్కరి విషయంలో ఆగాలి. సంచి చర్మం మీద చిన్న చిన్న నీటి పొక్కులు లేచి, చితికి తడిగా కారుతుంటే చర్మంలోని నాళాలూ చెడ్డాయన్నమాట. మామూలు వరిబీజం ఆపరేషన్ వాళ్లకు మానని పుండు తెచ్చిపెట్టవచ్చు. అనుభవమున్న పెద్దాసుపత్రికే పంపాలి.

కాలికి: మాత్రలా, సబ్బునీళ్లా?

ఫైలేరియా పురుగుకు వేసే మాత్ర డీఈసీ. దాని మోతాదు కిలో బరువుకు రోజుకు 6 మిల్లీగ్రాముల చొప్పున 12 రోజులు. మన మనిషికి రోజుకు 360 మిల్లీగ్రాములు, మూడు పూటలుగా, తిన్న తర్వాత. ఒంట్లో పురుగుందని పరీక్షలో తేలితే ఈ కోర్సు ఒకసారి వేయాలి. పురుగు పిల్లలు చావడం వల్ల ఒకటి రెండు రోజులు జ్వరం, తలనొప్పి రావచ్చు. కానీ సాగిపోయిన నాళాన్ని, గట్టిపడిన చర్మాన్ని మాత్ర బాగుచేయలేదు. ఏటేటా కోర్సులు వేసుకుంటూ కాలు కడగడం మానేసినవాళ్ల కాళ్లు పెరుగుతూనే ఉంటాయి. ప్రభుత్వం ఊరందరికీ ఇంటింటా ఇచ్చే మాత్రల ఉద్దేశం వేరు, దోమకు పురుగు దొరక్కుండా చేయడం. గర్భిణులు, రెండేళ్లలోపు పిల్లలు, తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లు తప్ప మిగతావాళ్లు వాటిని సిబ్బంది ఎదుటే మింగాలి.

కాలి జ్వరాలకు తలుపు తీసేది దాదాపు ఎప్పుడూ వేళ్ల సందులే. నీళ్లలో నాని, తెల్లగా పాచిపోయి, చీలిన ఆ చర్మంలోంచే బ్యాక్టీరియా లోపలికి వెళుతుంది. దీన్ని మాత్ర ఆపలేదు, రోజూ పది పదిహేను నిమిషాల కడుగుడు ఆపుతుంది.

స్టూలు మీద కూర్చుని, కాలు టబ్బులో పెట్టాలి. నీళ్లు శుభ్రమైనవి, మామూలు చల్లదనంతో ఉండాలి, వేడినీళ్లు వాపు పెంచుతాయి. ఘాటులేని సబ్బును చేతిలో నురగ చేసుకుని, వాపు పై అంచు నుంచి కిందికి పాదం దాకా మెత్తగా రాయాలి. పీచు, రాయి వద్దు. మడతలో, ప్రతి వేలి సందులో సన్నని గుడ్డ పెట్టి తుడవాలి. కారే నీరు తేటగా వచ్చేదాకా కడగాలి. తర్వాత తువ్వాలుతో అద్దాలి, రుద్దకూడదు. ఎక్కువమంది చెడేది ఇక్కడే: పైన ఆరగానే లేచిపోతారు, వేళ్ల సందుల్లో తడి ఉండిపోతుంది. పొడి గుడ్డ సందులోకి దూర్చి తడి లేదని చూసుకున్నాకే లేవాలి. పాచిపోయిన చోట క్లోట్రిమజోల్ లాంటి ఫంగస్ క్రీము రోజుకు రెండుసార్లు రాసి, మానిన తర్వాత కూడా రెండు వారాలు కొనసాగించాలి.

కూర్చున్నప్పుడు కాలు ఎత్తులో పెట్టుకోవాలి, పడుకునే మంచం కాళ్లవైపు కింద ఇటుకలు పెట్టాలి. గుండెజబ్బు ఉంటే మాత్రం డాక్టర్ని అడిగాకే. రోజులో నాలుగైదుసార్లు మడమలు పైకెత్తి దించడం, చీలమండ గుండ్రంగా తిప్పడం చేస్తే పిక్క కండరం నీటిని పైకి తోస్తుంది.

జ్వరం వచ్చిన రోజున లెక్క మారుతుంది. వ్యాయామం, బిగుతు కట్టు, డీఈసీ మూడూ ఆపేయాలి. చల్లని తడిగుడ్డ వేసి, కాలు ఎత్తులో పెట్టి, పారాసెటమాల్ వేసుకుని అదే రోజు పీహెచ్‌సీకి వెళ్లాలి. పెన్సిలిన్ పడనివాళ్లు కాకపోతే అమాక్సిసిలిన్ 500 మిల్లీగ్రాములు మూడు పూటలా కనీసం ఎనిమిది రోజులు ఇస్తారు. మూడో రోజుకే జ్వరం తగ్గిందని ఆపితే మళ్లీ తిరగబెడుతుంది. వేడి కాపడం, ఆకుల కట్టు ఈ సమయంలో చేటు చేస్తాయి. కడుగుతున్నా జ్వరాలు తరచూ వస్తుంటే మూడు నాలుగు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి ఉంది. అది వేసినంతకాలం పనిచేస్తుంది, కడుగుడుకు బదులు కాదు.

రెండూ ఉన్నవాడికి ఏది ముందు?

మన డెల్టా మనిషికి వరిబీజమే పెద్ద బాధ, నడవడానికీ భార్యాభర్తల జీవితానికీ అదే అడ్డు. అయినా కాలితోనే మొదలుపెట్టాలి. వేళ్ల సందుల్లో పుండు, ఒంట్లో జ్వరం ఉండగా ఆపరేషన్ చేస్తే కుట్లకు చీము పట్టే ప్రమాదం ఎక్కువ. ఈలోగా స్ట్రిప్ పరీక్ష చేయించి, పాజిటివ్ వస్తే డీఈసీ కోర్సు పూర్తి చేయాలి. చక్కెర, బీపీ చూపించుకోవాలి. నాలుగు నుంచి ఆరు వారాలు కడిగి, సందులు మాని, జ్వరం రాకుండా గడిస్తే అప్పుడు ఏరియా ఆసుపత్రిలో ఆపరేషన్‌కు తేదీ తీసుకోవాలి. దాళ్వా కోతలు అయ్యాక, నాట్లకు ముందు దొరికే ఎండాకాలమే దీనికి సరైన అదను. నెల రోజులు బురదలో దిగకుండా ఉండటం అప్పుడే కుదురుతుంది.

ఆపరేషన్‌తో వరిబీజం పోతుంది, కాలు మాత్రం అలాగే ఉంటుంది, కడుగుడు ఆగకూడదు. ఫలితం చూసుకోవడానికి కాలి చుట్టుకొలత మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు, అది ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గినా తగ్గకపోయినా కావచ్చు. గోడ క్యాలెండర్‌లో జ్వరం వచ్చిన రోజుల చుట్టూ సున్నా చుట్టుకోవాలి. ఏడాదికి నాలుగు జ్వరాలు ఒకటికి దిగితే కడుగుడు పనిచేస్తున్నట్టే. దిగకపోతే ముందు వేళ్ల సందులు విప్పి చూడాలి.