హఫ్‌మన్ కోడింగా, అరిత్‌మెటిక్ కోడింగా: ఏది మేలు?

ఫైళ్లను కుదించే హఫ్‌మన్ కోడింగ్ గురించి ఎప్పుడు రాసినా పాఠకుల నుంచి మళ్లీ మళ్లీ ఒకే ప్రశ్న వస్తుంది. అరిత్‌మెటిక్ కోడింగ్ ఇంకా బాగా కుదిస్తుందని తెలిసినప్పుడు 1952లో ప్రచురితమైన ఈ పద్ధతిని ఇప్పటికీ ఎందుకు వాడాలి? ఈ మధ్య పెద్ద మొత్తంలో తెలుగు పాఠ్యాన్ని తక్కువ చోటులో దాచవలసిన పని పడి, ఈ ఎంపిక నాకే ఎదురైంది. నేను హఫ్‌మన్‌నే ఎంచుకున్నాను, కానీ అన్ని ఫైళ్లకూ కాదు. ఏ ఫైలుకు ఏది అన్నది తేల్చిన అంశం ఒక్కటే: ఆ ఫైలులో అన్నింటికంటే ఎక్కువగా వచ్చే గుర్తు వాటా ఎంత అన్నది.

మాట గాలిలో పోకుండా ఒక చిన్న ఫైలును ముందు పెట్టుకుందాం. అందులో వంద అక్షరాలున్నాయి. ల 38 సార్లు, న 22, మ 15, ర 12, క 8, ట 5 సార్లు వచ్చాయి. ఆరు అక్షరాలను సమాన పొడవుగల కోడ్‌లతో గుర్తించాలంటే ఒక్కోదానికి 3 బిట్లు కావాలి కాబట్టి మొత్తం 300 బిట్లవుతాయి. ఈ లెక్కలో 38 సార్లు వచ్చే ల కూ, అయిదు సార్లే వచ్చే ట కూ ఒకే ఖర్చు పడుతోంది. ఎక్కువసార్లు వచ్చేదానికి పొట్టి కోడ్, అరుదుగా వచ్చేదానికి పొడుగు కోడ్ ఇస్తే మొత్తం తగ్గుతుందన్నది తెలిసిందే. ఏ అక్షరానికి ఎంత పొడవు ఇవ్వాలన్నదే అసలు చిక్కు.

హఫ్‌మన్ దీన్ని అడుగు నుంచి పైకి కట్టుకుంటూ వస్తాడు. అన్నింటికంటే తక్కువ సార్లు వచ్చిన ట, క లను కలిపితే 13 అవుతుంది. ఇక ఆ జంటను ఒకే అక్షరంగా లెక్కించి, మిగిలినవాటిలో మళ్లీ అతి చిన్న రెండింటిని, అంటే 12, 13 లను కలిపితే 25 వస్తుంది. ఆ తర్వాత 15, 22 కలిసి 37. 25, 37 కలిసి 62. చివరికి 38, 62 కలిసి 100. ఈ మొత్తాలను కూడితే, అంటే 13, 25, 37, 62, 100 కలిపితే, 237 వస్తుంది. కుదించిన ఫైలుకు పట్టే బిట్లు సరిగ్గా అన్నే, ఎందుకంటే ఒక అక్షరం కలయికలో పాల్గొన్న ప్రతిసారీ దాని కోడ్ ఒక బిట్ చొప్పున పెరుగుతుంది. పొడవులు తేలాక కోడ్‌లను వరుసగా ఇలా పంచవచ్చు:

```
ల  0
న  100
మ  101
ర  110
క  1110
ట  1111
```

ఏ కోడూ మరో కోడ్‌కు మొదటి భాగం కాదని గమనించండి. ఏదీ పోకుండా తిరిగి రావడానికి కారణం ఇదే. “కమల” అన్న మాట 11101010 అవుతుంది. చదివేటప్పుడు 1, 11, 111 వరకు పట్టికలో ఏ అక్షరమూ దొరకదు, 1110 దగ్గర క దొరుకుతుంది. తర్వాత 101 దగ్గర మ, ఆపై 0 దగ్గర ల. మధ్యలో ఖాళీలు గానీ విభజన గుర్తులు గానీ లేకపోయినా ఇంకో రకంగా చదవడానికి వీలే లేదు. తొమ్మిది బిట్ల మాట ఎనిమిదికి వచ్చింది. అదే “కటకట” అన్న మాటను ఈ పట్టికతో రాస్తే 16 బిట్లు పడతాయి, సమాన పొడవు పద్ధతిలో అయితే 12 చాలు. కాబట్టి పొదుపు మొత్తం ఫైలు మీద వస్తుందే తప్ప ప్రతి మాట మీదా రాదు. ఒక ఫైలు లెక్కలతో కట్టిన పట్టికను వేరే తరహా ఫైలుకు వాడితే అది కుదించడానికి బదులు ఉబ్బవచ్చు.

ఈ పట్టికను కూడా ఫైలుతో పాటు పంపాలి. అయితే కోడ్‌లన్నింటినీ పంపనక్కరలేదు, పొడవులు చాలు. పైన చేసినట్టు పొట్టివాటి నుంచి మొదలుపెట్టి వరుసలో పంచాలన్న నియమం ఇరువైపులా తెలిసి ఉంటే, 1, 3, 3, 3, 4, 4 అన్న అంకెల నుంచే చదివే ప్రోగ్రాం పట్టికను తిరిగి కట్టుకుంటుంది. దీనిని కెనానికల్ హఫ్‌మన్ అంటారు. ఇంత పొదుపు చేసినా 256 బైట్ విలువలకు ఒక్కో పొడవును 4 బిట్లలో నేరుగా రాస్తే 128 బైట్లు పట్టికకే పోతాయి కనుక, చిన్న ఫైళ్లలో మిగిలేది ఉండదు. zip, gzip, PNG లలో వాడే DEFLATE పద్ధతి ఇందుకే ప్రతి భాగానికీ మూడు దారులు ఉంచింది: కుదించకుండా ఉంచడం, ముందే నిర్ణయించిన పట్టికతో రాయడం, సొంత పట్టిక కట్టి పంపడం.

నేను మొదటిసారి రాసిన ప్రోగ్రాంలో దొర్లిన తప్పు కూడా ఇక్కడ చెప్పాలి. ఫైలు బిట్లలో కాదు, బైట్లలో ముగుస్తుంది. 237 బిట్లకు 30 బైట్లు, అంటే 240 బిట్లు పడతాయి. చివరి మూడు స్థానాలను సున్నాలతో నింపాను. మన పట్టికలో 0 అంటే ల. విప్పి చూస్తే పాఠ్యం చివర మూడు ల లు అదనంగా వచ్చాయి. అక్షరాల సంఖ్యను ముందుగా రాసి ఉంచితే గానీ, ముగింపుకు ప్రత్యేకమైన కోడ్ పెడితే గానీ ఇది పోదు. DEFLATE లో 256 అన్న గుర్తు ఆ ముగింపు కోసమే ఉంది.

ఇక అరిత్‌మెటిక్ కోడింగ్ సంగతి. అది ఒక్కో అక్షరానికి ఒక్కో కోడ్ ఇవ్వదు. 0 కీ 1 కీ నడుమ ఉన్న విరామాన్ని అక్షరాల వాటాల ప్రకారం పంచుతూ, ఒక్కో అక్షరం వచ్చినప్పుడల్లా తగిన ముక్కలోకి కుదించుకుంటూ పోయి, చివరికి మిగిలిన సన్నని విరామంలో ఒక సంఖ్యను రాస్తుంది. అందువల్ల ఒక అక్షరం ఖర్చు 1.4 బిట్లు కావచ్చు, 0.07 బిట్లు కూడా కావచ్చు. హఫ్‌మన్‌లో ఖర్చు ఎప్పుడూ పూర్ణసంఖ్యే, ఒకటికి తగ్గదు. మన ఫైలుకు షానన్ లెక్క ప్రకారం సిద్ధాంతపరమైన కనీసం సుమారు 230 బిట్లు. అరిత్‌మెటిక్ దాదాపు అక్కడికి చేరుతుంది. హఫ్‌మన్ 237 దగ్గర ఆగింది. అంటే తేడా నూటికి మూడు పాళ్లు.

ఈ మూడు పాళ్లు ఎప్పుడు ముప్పై అవుతాయో, ఎప్పుడు అంతకంటే పెరుగుతాయో తెలుసుకోవడమే ఎంపికలో కీలకం. రెండే గుర్తులున్న ఫైలును తీసుకుందాం; ఒకటి నూటికి 95 సార్లు, రెండోది 5 సార్లు వస్తుంది. హఫ్‌మన్ రెండింటికీ చెరొక బిట్ ఇవ్వక తప్పదు కాబట్టి వంద గుర్తులకు వంద బిట్లు పడతాయి, అంటే కుదింపే లేదు. అరిత్‌మెటిక్‌కు 29 బిట్లు చాలు. గుర్తులను జంటలుగా చేసి ఆ నాలుగు జంటలకు హఫ్‌మన్ కోడ్‌లు ఇస్తే, గుర్తులు ఒకదానిపై ఒకటి ఆధారపడనప్పుడు, వందకు సుమారు 57 బిట్లకు దిగుతుంది. ఇంకా పెద్ద గుంపులు కడితే ఇంకా దిగుతుంది, కానీ పట్టిక కూడా గుంపుతో పాటు ఉబ్బుతుంది. 1978లో రాబర్ట్ గాలగర్ చూపిన హద్దు ఇక్కడ పనికొస్తుంది: హఫ్‌మన్ వృథా చేసేది, ఒక్కో గుర్తుకు, అత్యధికంగా వచ్చే గుర్తు వాటాకు 0.086 కలిపినంత బిట్లను మించదు. ఇది గరిష్ఠ హద్దు మాత్రమే. మన ఫైలులో అది 0.466 కాగా అసలు వృథా 0.07 మాత్రమే. ఏ ఒక్క అక్షరం వాటా పెద్దది కాని పాఠ్యంలో హఫ్‌మన్ నష్టపోయేది కొద్దిగానే.

తెలుగు పాఠ్యం దగ్గరకు వచ్చేసరికి నాకు ఇంకో విషయం అర్థమైంది. UTF-8 లో ప్రతి తెలుగు గుర్తుకూ మూడు బైట్లు. మొదటిది ఎప్పుడూ E0, రెండోది B0 లేదా B1. బైట్‌ను అక్షరంగా లెక్కించి హఫ్‌మన్ కడితే, ఏ కొత్త విషయమూ చెప్పని ఆ E0 కు ప్రతి గుర్తుకూ కనీసం ఒక బిట్ చెల్లించాలి. ముందు వెనుకలు చూడని అరిత్‌మెటిక్ కోడింగ్‌కు మారినా బాధ తీరదు, ఎందుకంటే మూడో వంతు వాటా ఉన్న గుర్తుకు అది కూడా 1.58 బిట్లు తీసుకుంటుంది. అలా కాక యూనికోడ్ సంఖ్యనే అక్షరంగా లెక్కిస్తే, తెలుగుకు కేటాయించిన స్థానాలు 128 మాత్రమే కాబట్టి, ఖాళీలు, విరామచిహ్నాలు కలుపుకున్నా హఫ్‌మన్ లేకుండానే 24 బిట్లు 8 కి దిగుతాయి. హఫ్‌మన్ అక్కడి నుంచి మొదలవుతుంది. కోడింగ్ పద్ధతిని మార్చి మూడు పాళ్లు సంపాదించే ముందు, దేన్ని అక్షరంగా లెక్కిస్తున్నామో చూసుకోవడం మేలు. అయితే ముందున్న అక్షరాలను బట్టి వాటాలను క్షణక్షణం మార్చుకోవడం అరిత్‌మెటిక్‌లో తేలిక, హఫ్‌మన్‌లో పట్టికను పదేపదే కట్టాలి. ఆ లాభాన్ని నేను కాదనను.

నన్ను హఫ్‌మన్ వైపు మొగ్గేలా చేసినవి మరో రెండున్నాయి. మొదటిది వేగం. మన పట్టికలో అతి పొడుగు కోడ్ 4 బిట్లు కాబట్టి, రాబోయే నాలుగు బిట్లను ఒకేసారి చూసి 16 గళ్ల పట్టికలో వెతికితే అక్షరమూ, వాడుకున్న బిట్ల సంఖ్యా రెండూ ఒక్క చూపులో దొరుకుతాయి. అరిత్‌మెటిక్‌లో ప్రతి గుర్తుకూ గుణకారాలు, ఒక్కోసారి భాగహారం కావాలి. రెండోది, పాడైన ఫైలు ప్రవర్తన. “కమల” లోని మొదటి బిట్ తిరగబడి 01101010 అయిందనుకోండి. చదివితే “లరమల” వస్తుంది: క స్థానంలో ల, ర వచ్చాయి, కానీ మ నుంచి పాఠ్యం మళ్లీ దారిలో పడింది. ప్రతిసారీ ఇంత త్వరగా కుదురుకుంటుందని హామీ లేదు గానీ, సాధారణంగా కొన్ని అక్షరాలకే కుదురుకుంటుంది. అరిత్‌మెటిక్‌లో అయితే ఒక బిట్ మారిన చోటు నుంచి చివరిదాకా అర్థం లేని అక్షరాలే.

షానన్-ఫానో పద్ధతి మాటేమిటని అడిగేవారికి: అది పైనుంచి కిందికి, వాటాలను వీలైనంత సమానంగా చీలుస్తూ వస్తుంది. మన ఫైలుకు 238 బిట్లు ఇస్తుంది, ఒక బిట్ ఎక్కువ. ఫానో దగ్గర చదువుకుంటూ 1951లో టర్మ్ పేపర్ కోసం హఫ్‌మన్ దీని దిశను తిరగేశాక దాన్ని ఎంచుకోవడానికి కారణం మిగలలేదు. ఇక ANS అన్న కొత్త కోడింగ్ పద్ధతి అరిత్‌మెటిక్ అంత బాగా కుదిస్తూ వేగంగా కూడా నడుస్తుంది. Zstd అనే కుదింపు ప్రోగ్రాం మామూలు బైట్లకు హఫ్‌మన్‌ను, తక్కినవాటికి ANS రకాన్ని వాడుకుంటుంది.

నా పనిలో జరిగింది కూడా కొంతవరకు ఇదే. పాఠ్యానికి యూనికోడ్ సంఖ్యల మీద కెనానికల్ హఫ్‌మన్ పెట్టాను. ప్రతి పేజీ సరిచూసిందా లేదా అని నమోదు చేసే ఫైలు ఒకటుంది. అందులో దాదాపు అన్నీ “అవును”లే. దానికి మాత్రం అరిత్‌మెటిక్ కోడింగ్ వాడాను.