ఎన్‌క్లెక్స్ వీక్లీ ప్లాన్ కొనబోతున్న నర్సులకు: ముందు మీ డ్యూటీ రోస్టర్‌తో సరిపోల్చి చూడండి

డ్యూటీ చేస్తూ అమెరికా నర్సింగ్ లైసెన్స్ పరీక్ష ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్‌కి చదువుతున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. "ఉద్యోగం చేసే నర్సుల కోసం ప్రత్యేకం" అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక వీక్లీ స్టడీ ప్లాన్ కొన్నాను. డబ్బు కట్టేదాకా లోపల ఒక్క పేజీ చూపించలేదు. తెరిస్తే వారంలో ఏడు రోజులూ ఒకేలా ఉన్నాయి: రోజూ నాలుగు గంటల చదువు, 100 ప్రశ్నలు. నైట్ డ్యూటీ ఊసే లేదు. ఒక రోజు తప్పితే ఆ ప్రశ్నలు మర్నాటి లెక్కలో కలుస్తాయి. వరుసగా మూడు నైట్లు పడితే బాకీ 300 అవుతుంది. ఆ టెన్షన్‌లో వివరణలు చదవకుండా జవాబులు నొక్కుకుంటూ పోవడమే మిగులుతుంది. డబ్బు వాపసు అడిగితే, ఫైలు డౌన్‌లోడ్ అయింది కాబట్టి కుదరదన్నారు.

అంతకన్నా ప్రమాదం, అందులో ఉన్నది పాత పరీక్ష. గరిష్ఠంగా 265 ప్రశ్నలు, 6 గంటల సమయం అని రాశారు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన కొత్త విధానంలో కనీసం 85, గరిష్ఠంగా 150 ప్రశ్నలు, సమయం 5 గంటలు. మూడు కేస్ స్టడీలు తప్పకుండా వస్తాయి, ఒక్కోదానికి ఆరు ప్రశ్నలు. నర్సింగ్ నోట్సు, వైటల్స్, ల్యాబ్ రిపోర్టులు చూసి ఏది ప్రమాద సూచనో పట్టుకుని, ముందు ఏం చేయాలో తేల్చాలి. నేను కొన్నదాంట్లో అలాంటిది ఒక్కటీ లేదు. ఏ ప్లాన్‌లోనైనా 265 అనే అంకె కనిపిస్తే కొనకండి. పరీక్ష నిర్వహించే ఎన్‌సీఎస్‌బీఎన్ తన వెబ్‌సైట్‌లో టెస్ట్ ప్లాన్‌ని ఉచితంగానే పెడుతుంది. దానితో పోల్చి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

పనికొచ్చే ప్లాన్ రోస్టర్ నుంచి మొదలవ్వాలి. సోమ, మంగళ, బుధ పన్నెండు గంటల నైట్లు అనుకుందాం. ఆ మూడు రోజులూ కొత్త టాపిక్ వద్దు. డ్యూటీకి బయల్దేరే ముందు పది ప్రశ్నలు, వాటి వివరణలు చాలు. గురువారం పొద్దున ఇంటికొచ్చాక నిద్రే, ఆ రోజు చదువు లెక్కలోకి రాకూడదు. శుక్రవారం ఒకే టాపిక్, ఉదాహరణకి ఇన్సులిన్ లేదా పొటాషియం లేదా గుండె మందులు. తర్వాత 40 ప్రశ్నలు. ప్రశ్నలకి గంట పడితే తప్పులు చూసుకోవడానికి రెండు గంటలు ఉంచుకోండి. తప్పు పక్కన కారణం రాయాలి: విషయం తెలియకా, ప్రశ్న సరిగా చదవకా, ఏ పేషెంట్‌ని ముందు చూడాలో పొరపడా? మూడోదే ఎక్కువగా ఉంటే పుస్తకం మళ్లీ చదవడం వల్ల పెద్దగా లాభం ఉండదు, ప్రయారిటీ ప్రశ్నలే చేయాలి. శనివారం రెండు కేస్ స్టడీలు. ఆదివారం ఈ వారం తప్పులు మాత్రమే. వారం విడిచి వారం మాత్రం ఆదివారం 85 ప్రశ్నలు ఒకే సిట్టింగ్‌లో చేయండి.

అమ్మేవాళ్లని డబ్బు కట్టకముందే ఒకటి అడగండి: మూడు నైట్లు ఉన్న వారానికి మీ ప్లాన్ ఎలా ఉంటుందో ఒక పేజీ పంపమని. నాకు అమ్మినవాళ్లని తర్వాత అదే అడిగాను, "ఉన్నదే సర్దుకోండి" అన్నారు.