మూడు చలికాలాల హైపెరికం: మంచి మందే, పక్కన ఇంకో మాత్ర లేనంతవరకు

ఇంగ్లీషులో సెయింట్ జాన్స్ వర్ట్, జర్మన్‌లో యొహానిస్‌క్రౌట్, సీసా మీద హైపెరికం. అన్నీ ఆ పసుపు పూల మొక్కే. జూన్ 24 దగ్గరపడేసరికి జర్మనీలో మా లైప్‌జిగ్ ఊరి శివార్లలో రైలు పట్టాల పక్కన విరగబూస్తుంది. మొగ్గను వేళ్ల మధ్య నలిపితే గోరింటాకు పెట్టుకున్నట్టు ఎర్రగా అంటుకుంటుంది. ఆకును వెలుతురుకి పట్టి చూస్తే సూదితో పొడిచినట్టు చిన్న చిన్న చుక్కలు కనిపిస్తాయి. దిగులుకు పని చేస్తుందని అందరికీ తెలిసిన సంగతే కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్పను. మూడు చలికాలాలు వాడాక దీని మీద నాకున్న కోపం ఒక్కటే. ఇది మన ఒంట్లో తన పని మాత్రమే చూసుకోదు, పక్క మాత్రల పనిలో కూడా చేయి పెడుతుంది. అదీ చప్పుడు చేయకుండా.

మొదటి నవంబరులో మా డాక్టరు నాది తేలికపాటి డిప్రెషన్ అన్నాడు. పొద్దున ఎనిమిదికి తెల్లారి సాయంత్రం నాలుగుకే చీకటి పడే ఊళ్లో అది వింతేమీ కాదు. ఫార్మసీలో 900 మిల్లీగ్రాముల ఎక్స్‌ట్రాక్ట్ మాత్ర, రోజుకొకటి. కౌంటరు దగ్గరున్నావిడ "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగింది. లేదన్నాను. అబద్ధం చెప్పాలని కాదు. నాలుగేళ్లుగా రాత్రి పళ్లు తోముకున్నాక వేసుకునే గర్భనిరోధక మాత్ర నా లెక్కలో మందు కాదు. మందంటే జబ్బుకి వేసుకునేది కదా.

మూడు వారాలు ఏమీ తెలియలేదు. నాలుగో వారంలో ఒకరోజు అలారం మోగకముందే లేచి కాఫీ పెట్టుకుంటున్నాను, అప్పుడు గమనించాను. అంతకుముందు నెలంతా మంచం దిగడానికి ముప్పావుగంట పట్టేది. అందుకే ఆ డిసెంబరులో దీన్ని ఆఫీసులో కనీసం ముగ్గురికి చెప్పి ఉంటాను. ఇప్పుడైతే అంత ధీమాగా చెప్పను.

అదే డిసెంబరులో, మాత్రల స్ట్రిప్ సగంలో ఉండగా, పదకొండో రోజున చుక్కలు చుక్కలుగా రక్తం కనిపించింది. రెండు రోజులుండి ఆగింది. ఆఫీసు టెన్షన్ అనుకున్నాను. వారం తిరగకుండా మళ్లీ వచ్చింది. కొత్తగా మాత్ర మొదలుపెట్టిన మొదటి రెండు మూడు నెలల్లో ఇలా రావడం మామూలే. నాలుగేళ్లుగా గడియారంలా నడుస్తున్నదానికి మధ్యలో రావడం మామూలు కాదు. ఆ తేడా నాకప్పుడు తట్టలేదు.

గైనకాలజిస్టు వరసగా అడిగింది. మాత్ర మరిచిపోయారా, వాంతులు గానీ విరేచనాలు గానీ అయ్యాయా, ఫిట్స్ మందులు గానీ టీబీ మందులు గానీ వాడుతున్నారా? అన్నిటికీ లేదనే చెప్పాను. చివరికి పెన్ను కింద పెట్టి, "యొహానిస్‌క్రౌట్?" అంది. నేను సంతోషంగా తలూపాను, ఆవిడ కూడా దాన్ని మెచ్చుకోబోతోందని. ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్ చేయించింది. గర్భం రాలేదని తేలింది. ఆ తర్వాత కాగితం మీద బొమ్మ వేసి చెప్పింది.

ఈ మొక్కలో హైపర్‌ఫోరిన్ అనే పదార్థం ఉంది. కాలేయంలో పీఎక్స్ఆర్ అనే ఒక స్విచ్ ఉంటుంది. ఒంట్లోకి బయటి పదార్థం వచ్చిందని తెలిస్తే, దాన్ని విరగ్గొట్టే ఎంజైములను ఎక్కువగా తయారు చేయమనే స్విచ్ అది. హైపర్‌ఫోరిన్ దాన్ని గట్టిగా నొక్కుతుంది. ఈ సంగతి 2000లో తేలింది. అప్పుడు ఎక్కువగా తయారయ్యే వాటిలో ముఖ్యమైనది సీవైపీ3ఏ4 అనే ఎంజైము. మన మార్కెట్లో ఉన్న మందుల్లో చాలావాటిని విరగ్గొట్టేది ఇదే. గర్భనిరోధక మాత్రలోని రెండు హార్మోన్లనూ ఇదే విరగ్గొడుతుంది. ఒకేరోజులో జరగదు, పూర్తిగా పుంజుకోవడానికి రెండు వారాలదాకా పడుతుంది. నేను రోజూ అదే మాత్ర వేసుకుంటున్నాను గానీ, అది రక్తంలో నిలవాల్సినంతసేపు నిలవడం లేదు. హార్మోను తగ్గేసరికి గర్భాశయం లోపలి పొర పట్టు తప్పి చుక్కలు పడతాయి. ఇంకా తగ్గితే అండం కూడా విడుదల కావచ్చు. ఈ కాలం మాత్రల్లో ఈస్ట్రోజెన్ 20, 30 మైక్రోగ్రాములే ఉంటుంది, అంటే కొంచెం తగ్గినా తట్టుకునే వెసులుబాటు తక్కువ.

తర్వాత నేను వెతికి చదివాను. 2003లో వచ్చిన ఒక చిన్న అధ్యయనంలో, మాత్ర ఒక్కటే వేసుకున్నప్పుడు పన్నెండు మందిలో ఇద్దరికి ఇలా మధ్యలో రక్తం కనిపిస్తే, హైపెరికం కలిపాక ఏడుగురికి కనిపించింది. చేతి చర్మం కింద పెట్టుకునే ఇంప్లాంట్ ఉన్నవాళ్లకి కూడా గర్భం వచ్చిన సంఘటనలున్నాయని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2014లో హెచ్చరించింది. ఇంకో మాట. చుక్కలు కనిపించకపోతే మాత్ర బాగా పనిచేస్తున్నట్టు కాదు. నాకు కనిపించడం నా అదృష్టం.

హైపెరికం ఆపేయమంది, ఆపినా మరో నాలుగు వారాలు కండోమ్ వాడమంది. స్విచ్ నొక్కడం మానినా, తయారైన ఎంజైములు తగ్గడానికి టైం పడుతుంది కదా. బయటికి వస్తుంటే, "ఇది ఇంకా చాలా మందులతో పడదు, పెట్టెలో కాగితం చదవండి" అంది. నేను చదవలేదు. నాకు కావలసింది తెలిసిపోయిందనుకున్నాను: గర్భనిరోధక మాత్ర వాడేవాళ్లు దీన్ని వాడకూడదు. అంతే.

అసలు తప్పు ఇక్కడే జరిగింది. సంక్రాంతికి హైదరాబాద్ వెళ్తున్నాను. విప్పని పెట్టెలు రెండు మిగిలాయి. మా వదినకి ఏడాదిగా మనసు బాగోక డాక్టరు సెర్ట్రలిన్ 50 ఇచ్చాడు. వదినకి ఇద్దరు పిల్లల తర్వాత ఆపరేషన్ అయిపోయింది, గర్భనిరోధక మాత్రతో పనే లేదు. ఇంకేం భయం అనుకుని సూట్‌కేసులో పెట్టాను. పెట్టెలో కాగితం జర్మన్‌లో ఉంది. వదిన దాన్ని చూసి, "పూలతో చేసిందే కదమ్మా, దీనికి డాక్టర్ని అడగడమెందుకు" అంది. రెండూ వేసుకోవడం మొదలుపెట్టింది.

నాలుగో రోజు కనుమ. పొద్దున్నించి విరేచనాలు. అరిసెలు ఎక్కువ తిన్నావని అన్నయ్య వెక్కిరించాడు. సాయంత్రం టీ తెస్తుంటే కప్పు సాసర్‌లో టకటకలాడటం వంటింట్లోంచే వినపడింది. జనవరి చలిలో జాకెట్టు వీపంతా తడిసిపోయింది. ఒకచోట కూర్చోలేకపోతోంది, లేస్తోంది, తిరుగుతోంది, ఎందుకో చెప్పలేకపోతోంది. "ఏదో అయిపోతోందమ్మా నాకు" అని నా చేయి పట్టుకుంటే ఆ వణుకు నా మోచేతిదాకా తెలిసింది.

దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాం. నాడి 118, జ్వరం కొద్దిగా. డ్యూటీ డాక్టరు కుర్రాడే. మోకాలి కింద సుత్తితో తట్టాడు, కాలు ఎగిరిపడింది. తర్వాత పాదాన్ని చేత్తో పట్టుకుని ఒక్కసారి పైకి నెట్టి అలాగే పట్టుకున్నాడు. పాదం ఆగకుండా కొట్టుకుంది, కుట్టుమిషన్ మీద కాలు పెట్టినట్టు. మామూలు భయానికి, అజీర్తికి ఇలా కాదన్నాడు. "ఈ వారంలో కొత్తగా ఏం వేసుకున్నారు?" అని అడిగాడు. వదిన ఏమీ లేదంది, రెండు నెలల కిందట ఫార్మసీలో నేను అన్నట్టే. నేను చెప్పాను.

సెరటోనిన్ సిండ్రోమ్ అన్నాడు. సెర్ట్రలిన్ చేసే పని, నరాల మధ్య విడుదలైన సెరటోనిన్ అనే రసాయనం తిరిగి లోపలికి పోకుండా ఆపడం. హైపర్‌ఫోరిన్ కూడా ఇంకో దారిలో అదే పని చేస్తుంది. రెండూ కలిస్తే సెరటోనిన్ హద్దు మీరుతుంది. రెండూ ఆపించి, సెలైన్ పెట్టి, నరాలు సడలడానికి ఇంజెక్షన్ ఇచ్చి ఆ రాత్రి ఉంచుకున్నారు. మర్నాడు సాయంత్రానికి వణుకు తగ్గింది. సెర్ట్రలిన్ మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో వదిన సైకియాట్రిస్టే చూసి చెప్పాడు. వదినది తేలికగా పోయింది. జ్వరం బాగా పెరిగి, కండరాలు బిగుసుకుపోతే ప్రాణం మీదికే వస్తుందట.

నన్ను ఇప్పటికీ తొలిచేది ఇదే. నా విషయంలో ఈ మొక్క మందును పలచన చేసింది. వదిన విషయంలో మందుకి తోడై మోతాదు పెంచినట్టు చేసింది. ఒకే పదార్థం, రెండు వ్యతిరేక పనులు. మొదటిది తెలుసుకుని నేను మొత్తం తెలిసిందనుకున్నాను.

ఈ సంగతి మా పిన్నితో చెబితే, "మా ఇంట్లో ఎప్పటినించో ఉందే హైపెరికం, వేలు తలుపులో నలిగితే వేసుకుంటాం" అంది. అది హోమియో హైపెరికం 200. అంత పలచన చేసినదాంట్లో మొక్క పదార్థం మిగలదు, పై గొడవ దానికి వర్తించదు. మదర్ టింక్చర్ అని సీసాలో అమ్మేది వేరు, అది మొక్క రసమే. పేరు ఒకటే కాబట్టి సీసా మీద ఏముందో చూసుకోవాల్సిందే.

మరి మూడు చలికాలాలు ఎలా వాడానంటారా? ఆ వసంతంలో హార్మోను లేని కాపర్ టీ వేయించుకున్నాను. దాని మీద హైపెరికం ప్రభావం ఉండదు. రక్తపోటుకి, షుగరుకి, దేనికీ వేరే మాత్రలు లేవు. అప్పుడు డాక్టరుకి చెప్పి మళ్లీ మొదలుపెట్టాను. రెండో చలికాలం మొదటి దానంత బాగా పనిచేసింది. మూడోది అంతంతమాత్రం, ఆ ఏడాది డిసెంబరులో నేను ఇండియాలో మూడు వారాలు ఎండలో ఉన్నాను, మంచి మందుదో ఎండదో చెప్పలేను. ఇది చర్మాన్ని ఎండకి సున్నితం చేస్తుంది కూడా, అందుకే మార్చి దాటాక ఆపేస్తాను.

ఇంత పేచీ ఉన్నా తేలికపాటి దిగులుకి నాకు ఇది పనికొచ్చింది. అధ్యయనాలన్నీ కలిపి చూసిన 2008 కోక్రేన్ సమీక్షలో కూడా డిప్రెషన్ మాత్రలతో సమానంగా, తక్కువ దుష్ప్రభావాలతో పనిచేసినట్టే వచ్చింది, జర్మన్ మాట్లాడే దేశాల అధ్యయనాల్లో ఫలితాలు మరీ బాగా కనిపించాయన్న తిరకాసుతో సహా. నాలా ఒంటరి మాత్రగా వేసుకునేవాళ్ల సంగతి వేరు. పక్కన ఏదున్నా నా మాట మీద కొనకండి.

ఈసారి సంక్రాంతికి వదిన పంపిన లిస్టులో రెండే ఉన్నాయి: చాక్లెట్లు, పిల్లలకి రంగు పెన్సిళ్లు. కింద చిన్నగా, "పూల మందులేవీ వద్దమ్మా" అని రాసింది.