తరగతి గదిలో వైర్‌లెస్ మైకు: మూడేళ్ల వాడకం తర్వాత

నడుముకు తగిలించుకునే ట్రాన్స్‌మిటర్, కాలర్ మైకు, హెడ్‌సెట్ మైకు, రెండు యాంటెన్నాలున్న యూహెచ్‌ఎఫ్ రిసీవర్ కలిసిన ఒకే సెట్టుతో మూడేళ్లుగా రోజుకు నాలుగు గంటలు పాఠం చెబుతున్నాను. మొదటి ఏడాది దీన్ని తిరిగి ఇచ్చేద్దామని చాలాసార్లు అనుకున్నాను. పాఠం మధ్యలో మాట తెగిపోయేది, వెనక బెంచీలకు వినబడటం లేదని ఆంప్లిఫయర్ వాల్యూమ్ పెంచేవాడిని, తెగిన మాట తిరిగి రాగానే స్పీకర్లు చెవులు చిల్లులు పడేలా కూత పెట్టేవి. ఈ రెండింటినీ ఒకే లోపంగా భావించడమే నేను చేసిన పొరపాటు. కూత గదిలోని శబ్దం వల్ల పుడుతుంది, మాట తెగడం ఎక్కువగా రేడియో సంకేతం వల్ల జరుగుతుంది, కాబట్టి ఒకదానికి చేసే వైద్యం రెండోదానికి పనిచేయదు.

ముందుగా కూత సంగతి. స్పీకర్ నుంచి వచ్చిన శబ్దాన్ని మైకు మళ్లీ అందుకోవడం, అది మరింత పెరిగి అదే స్పీకర్ నుంచి బయటకు రావడం ఆగకుండా సాగితే ఫీడ్‌బ్యాక్ పుడుతుంది. మా గదిలో రెండు స్పీకర్లూ నల్లబల్లకు పైన, సరిగ్గా నా వెనక గోడకు ఉండేవి. రాయడానికి బల్ల వైపు తిరిగినప్పుడే కూత మొదలవుతోందని గమనించడానికి నాకు చాలా రోజులు పట్టింది. వాటిని రెండు పక్క గోడలకు మార్చి, నేను నిలబడే చోటికి రెండు మీటర్లు ముందుగా, పిల్లల వైపు తిప్పి బిగించాము. ఇప్పుడు నేను ఎప్పుడూ స్పీకర్ల వెనకే ఉంటాను. బెంచీల మధ్యకు నడిచి స్పీకర్ ముందుకు వెళ్లినప్పుడు మాత్రం ముందే మ్యూట్ మీట నొక్కవలసి వస్తోంది.

రెండో మార్పు మైకుది. కాలర్ మైకు అన్ని వైపుల నుంచీ శబ్దాన్ని తీసుకుంటుంది, పైగా చొక్కా గుండీ దగ్గర పెడితే నోటికి సుమారు 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. దూరం సగమైన ప్రతిసారీ మైకుకు చేరే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. హెడ్‌సెట్ మైకు నోటి మూలకు 5 సెంటీమీటర్లలో ఉంటుంది కనుక దూరం రెండుసార్లు సగమైనట్టే, అంటే సుమారు 12 డెసిబెల్స్ లాభం. అంత మేర ఆంప్లిఫయర్‌ను తగ్గించినా పిల్లలకు అంతే బిగ్గరగా వినబడుతుంది, కూతకు మాత్రం అవకాశం బాగా తగ్గుతుంది. ఊపిరి తగిలి బుస్సుమనకుండా మైకును నోటికి ఎదురుగా కాక పక్కగా పెట్టుకోవాలి.

మాట తెగడానికి కారణం వెతకడంలో, రేడియో సంకేతం అందుతున్నప్పుడు వెలిగే రిసీవర్ మీది ఆర్‌ఎఫ్ లైటు ఎంతో సాయం చేసింది. నా ట్రాన్స్‌మిటర్‌ను పూర్తిగా ఆపేసినా ఒక పీరియడ్‌లో ఆ లైటు వెలుగుతూనే ఉంది. పక్క గదిలో అదే ఛానల్ మీద మరో మైకు నడుస్తోందని అప్పుడు తెలిసింది. ఆ మైకును ఆన్‌లోనే ఉంచి, నాది ఆపి, లైటు ఆరిపోయే ఛానల్‌ను వెతికి, ట్రాన్స్‌మిటర్‌ను కూడా దానికి మార్చాను. పక్కవాళ్ల మైకులు ఆగి ఉండగా వెతికితే ప్రతి ఛానలూ ఖాళీగానే కనబడుతుంది, ఆ వెతుకులాట వృథా.

ఆ తర్వాత కూడా గది చివరకు వెళ్లి వెనక్కి తిరిగితే మాట తెగేది. రిసీవర్ ఇనుప బీరువాలో ఉండటం ఒక కారణం, నా శరీరమే సంకేతానికి అడ్డు పడటం మరొకటి. రిసీవర్‌ను బీరువా నుంచి తీసి తల ఎత్తులో పెట్టి, యాంటెన్నాలను ఇంగ్లీషు వీ ఆకారంలో విప్పి ఉంచాక ఆ ఇబ్బంది పోయింది.

బ్యాటరీల విషయంలో ఈ సెట్టుకు నేను మంచి మార్కులు వేయలేను. ఇందులో రెండు పెన్సిల్ సెల్స్ పడతాయి. ఆల్కలైన్ సెల్ వోల్టేజీ 1.5 నుంచి నెమ్మదిగా దిగుతుంది కాబట్టి ట్రాన్స్‌మిటర్ మీది గీతలు కొంతవరకు నిజమే చెబుతాయి. రీచార్జి చేసే నికెల్ సెల్ చాలాసేపు 1.2 వోల్టుల దగ్గరే నిలిచి, చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది, అందువల్ల హెచ్చరిక లైటు వెలిగిన కొద్ది నిమిషాలకే మైకు ఆగిపోతుంది. నేను రీచార్జి సెల్సే వాడుతున్నాను, అయితే గీతలను నమ్మకుండా రోజూ మధ్యాహ్నం రెండో జత వేస్తాను. ఒక పాత సెల్, ఒక కొత్త సెల్ కలిపి ఎప్పుడూ వేయను.

ఈ మధ్య మళ్లీ మాట తెగడం మొదలైంది, కానీ ఈసారి ఆర్‌ఎఫ్ లైటు నిలకడగా వెలుగుతుండగా, పక్కనే ఉన్న ఆడియో లైటు మాత్రం ఆరిపోయేది. ప్లగ్గు దగ్గర తీగను వేళ్లతో వంచితే చిటపటమని శబ్దం వచ్చింది. తీగ లోపల తెగింది. హెడ్‌సెట్ ఒక్కటే మార్చాను, మిగిలిన సెట్టు అలాగే పనిచేస్తోంది.