రెండు నల్ల చొక్కాలు, రెండేళ్ల వాడకం

ఒకే రకం నల్ల కాటన్ చొక్కాలు రెండు ఒకేసారి కొన్నాం, ఒకటి నాకు, ఒకటి తమ్ముడికి. రెండేళ్ల తర్వాత నాది ఇంకా నల్లగానే ఉంది. వాడిది భుజాల మీద ఇటుక రంగుకు తిరిగింది, అంచుల్లో బూడిద పట్టినట్టుంది.

విచిత్రమేమిటంటే, మొదటి ఉతుకులో ఎక్కువ రంగు దిగింది నా చొక్కాకే. దాంతో కలిపి నానబెట్టిన తెల్ల బనియన్ బూడిదరంగు అయిపోయింది. చొక్కా పని అయిపోయిందనుకున్నాను. కానీ కొత్తలో రంగు దిగడం వేరు, తర్వాత వెలిసిపోవడం వేరు.

కాటన్‌కు ఎక్కువగా వాడే రియాక్టివ్ రంగులు నూలుతో రసాయనికంగా ముడిపడతాయి. అయితే అద్దిన రంగంతా అలా ముడిపడదు. కొంత నీటితోనే కలిసి పనికిరాకుండా పోయి, పోగుల మధ్య ఊరికే ఉండిపోతుంది. అద్దకం అయ్యాక వేడినీటితో, సబ్బుతో చాలాసార్లు కడిగితేనే అది పోతుంది. ఆ కడుగుడు తగ్గిస్తే మిగిలింది మన బకెట్లోకి వస్తుంది. నలుపు, ముదురు నీలం, ముదురు ఎరుపు రావాలంటే రంగు ఎక్కువ పట్టించాలి కాబట్టి మిగిలేదీ ఎక్కువే.

అందరూ చెప్పే ఉప్పు నేనూ వేసి చూశాను. గుప్పెడు ఉప్పు వేసిన బకెట్లో నీళ్లు తేటగానే ఉన్నాయి. సంతోషించి మామూలు నీళ్లలో జాడిస్తే మళ్లీ నలుపు! ఉప్పు నీళ్లలో రంగు కరగడం తగ్గుతుంది, అంతే; గుడ్డకు అంటుకుపోదు. వెనిగర్‌తో ఏ తేడా కనిపించలేదు. ఆమ్లం పనికొచ్చేది ఉన్నికి, పట్టుకు వేసే కొన్ని రంగుల అద్దకంలో, అదీ అద్దేటప్పుడు.

పనిచేసింది చాలా సాదా పద్ధతి. చొక్కాను విడిగా, చెయ్యి పట్టేంత వేడినీళ్లలో, కొద్దిగా లిక్విడ్ డిటర్జెంట్ వేసి పావుగంట కదుపుతూ ఉంచాను. తర్వాత నీళ్లు మార్చి మార్చి జాడించి, ముద్దగా వదిలేయకుండా వెంటనే ఆరేశాను. తడి ముద్దలో రంగు ఒకచోట నుంచి ఇంకోచోటికి పాకి మరకలు పడతాయి. మూడో ఉతుక్కి నీళ్లు దాదాపు తేటపడ్డాయి. (లేబుల్ మీద చల్లని నీళ్లే వాడమని ఉంటే, లేదా పట్టు, ఉన్ని బట్టలైతే ఈ పని చేయొద్దు.)

ఇక్కడే ఒక తేడా గమనించాలి. ప్రతిసారీ రంగు తగ్గుతూ వస్తే దిగుతున్నది అదనపు రంగు, భయం లేదు. ఆరో ఉతుక్కి కూడా మొదటిసారిలాగే దిగుతుంటే ఆ రంగు గుడ్డకు గట్టిగా పట్టలేదు. నా నల్ల దుపట్టా ఒకటి అలాంటిదే. వేడినీళ్లు పోస్తే దాన్ని ఇంకా పాడుచేసినట్టే. చల్లని నీళ్లలో, నానబెట్టకుండా, ఎప్పటికీ విడిగా ఉతకడమే దారి.

ఇక తమ్ముడి చొక్కా. మామూలు డిటర్జెంట్ పొడి, అన్ని బట్టలతో కలిపి మెషిన్, ఎర్రటి ఎండలో దండెం. ఏది ఎంత పాడుచేసిందో చొక్కా మీదే కనిపిస్తుంది. కాలర్ మడత కింద, కుట్ల లోపల ఇంకా నలుపే. భుజాలు మాత్రం ఎర్రబడ్డాయి, అది ఎండ పని. నలుపు సాధారణంగా రెండు మూడు రంగుల కలయిక, అందులో ఒకటి ముందు పోతే మిగిలిన దాని ఛాయ బయటపడుతుంది. తడిగా ఉన్నప్పుడు ఎండ తగిలితే చాలా రంగులు ఇంకా త్వరగా చెడతాయి.

అంచుల బూడిదరంగు మాత్రం ఎండ వల్ల కాదు. రాపిడికి పోగులు చిట్లి సన్నని నూగు లేస్తుంది, దాని మీద వెలుతురు చెదిరి నలుపు వెలిసినట్టు కనిపిస్తుంది. నేను చొక్కా తిరగేసి, గుండీలు పెట్టి, తక్కువసేపు తిరిగే సైకిల్‌లో, జీన్స్ లాంటి ముతక బట్టలు లేకుండా వేస్తాను. ఆరేసేదీ తిరగేసే, గాలి ఆడే నీడలో. ముసురు రోజుల్లో ఆరక వాసన వస్తుంది, అప్పుడు ఫ్యాన్ కింద వేయాల్సిందే.

ముదురు బట్టల కోసం అమ్మే లిక్విడ్ ఏడాదిన్నరగా వాడుతున్నాను. కొన్ని డిటర్జెంట్ పొడుల్లో ఉండే బ్లీచ్, తెలుపు పెంచే పదార్థం ఇందులో లేవు, అందుకే కొంటున్నాను. పోయిన రంగును మాత్రం తిరిగి తేదు. తమ్ముడి చొక్కాకు రెండు నెలలు వాడి చూశాం, భుజాలు అలాగే ఉన్నాయి. వాడు ఇప్పుడు దాన్ని బండి తుడవడానికి పెట్టుకున్నాడు.