‘వాయిస్ కూడా ఉంది’ అన్నారని చాట్‌బాట్ కొనేయకండి: మా పాల కేంద్రం అనుభవం

ప్రకాశం జిల్లాలో మాదొక చిన్న పాల సొసైటీ. పాలు పోసేవాళ్లు నూట ఎనభై మంది దాకా ఉన్నారు. సగం మందికి పైగా అరవై దాటిన ఆడవాళ్లే. సంతకం పెట్టడం వచ్చుగానీ చదవడం రాదు. రోజుకి ముప్పై నలభై ఫోన్లు నాకే వచ్చేవి, అన్నీ అవే ప్రశ్నలు. బిల్లు పడిందా? ఫ్యాటు ఎందుకు తగ్గింది? దాణా ఎప్పుడొస్తుంది? ఈ గోల తప్పుతుందని వాట్సాప్‌లో పనిచేసే చాట్‌బాట్ ఒకటి కొన్నాం. కంపెనీ పేరు రాయడం లేదు, వాళ్లతో లెక్క ఇంకా తేలలేదు. పెద్దవాళ్ల కోసం, చదువురాని వాళ్ల కోసం ఇలాంటిది కొనాలనుకునే సొసైటీలు, ఆస్పత్రులు, చిట్టీల వాళ్లు ఎవరైనా ఉంటే డబ్బు కట్టకముందే ఇది చదవండి.

మొదటి తప్పు నాదే. ఒప్పందం కాగితంలో ‘తెలుగు వాయిస్ సపోర్ట్’ అని ఉంటే, మావాళ్లు మాట్లాడితే అది విని మాటల్లోనే బదులిస్తుందని అనుకున్నాను. తీరా చూస్తే వాళ్ల లెక్కలో వాయిస్ అంటే బదులు చదివి వినిపించడం మాత్రమే. మనం పంపే వాయిస్ మెసేజ్ దానికి అర్థం కాదు. వినడం ఒక పని, మాట్లాడటం ఇంకో పని. రెండూ వేరువేరుగా తయారయ్యేవి, రెండింటికీ ఖర్చు వేరు. అమ్మేవాడు రెంటినీ ఒకే మాటలో చుట్టేస్తాడు. ఆ బదులైనా వాట్సాప్‌లోనే వస్తుందా అంటే అదీ లేదు. ఒక లింకు వస్తుంది, నొక్కితే ఏదో పేజీ తెరుచుకుంటుంది, గట్టిగా స్పీకర్‌లో మొదలైపోతుంది. మా ఊళ్లో ఫోను చాలామటుకు కొడుకుదో మనవడిదో. పాల డబ్బు ఎంత పడిందో ఇంట్లో అందరికీ తెలియడం ఇష్టం లేని ఆడవాళ్లు ఎంతమంది ఉన్నారో నాకు ఆ వారమే తెలిసింది. అదే మామూలు వాట్సాప్ వాయిస్ మెసేజ్ అయితే ఫోను చెవి దగ్గర పెట్టుకుంటే చాలు, మామూలు కాల్‌లాగా చెవికే వినిపిస్తుంది. ఆ అలవాటు మావాళ్లకి ఎప్పటినుంచో ఉంది.

గొడవ పెడితే, ఇంకో 18,000 తీసుకుని వినే సదుపాయం కూడా కలిపారు. వాళ్ల ఆఫీసుకి వెళ్లి చూశాను. కుర్రాడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ‘నా బిల్లు వివరాలు తెలియజేయండి’ అన్నాడు. ఠక్కున చెప్పింది. నేనూ మురిసిపోయాను. ఆ గదిలో ఏసీ చప్పుడు తప్ప ఇంకేం లేదనీ, అలాంటి వాక్యం మా ఊళ్లో ఒక్క మనిషి కూడా అనరనీ అప్పుడు తట్టలేదు.

ఊళ్లో జరిగింది ఇదీ. మా వీధి పెద్దమ్మ ఒకావిడ పొద్దున్నే పాలు పోసి, క్యాన్ల మోతలోనే మెసేజ్ పెట్టింది: “నాయనా, మొన్న సందేళ ఫ్యాటు తక్కువేశారే... గేదె మారలా, మేత మారలా... ఎందుకంట?” మధ్యలో ఆవిడ రెండుసార్లు ఆగింది. బదులు: “క్షమించండి, మీ ఇన్‌పుట్ చెల్లదు. దయచేసి సరైన ఎంపికను నమోదు చేయండి.” ఆవిడ మళ్లీ చెప్పింది, ఈసారి గట్టిగా. మళ్లీ అదే. మూడోసారికి “మీ సెషన్ ముగిసింది.” ఆవిడ నేరుగా సెంటర్‌కి వచ్చి “నా ఖాతా చెల్లదంటన్నాడు, సభ్యత్వం తీసేశారా?” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ‘చెల్లదు’ అన్న మాట మావాళ్లకి ఒక్క చోటే తెలుసు, చెల్లని నోటు దగ్గర. ‘ఇన్‌వాలిడ్’ని డిక్షనరీలో చూసి తెలుగు చేసిన పుణ్యాత్ముడికి ఇది తెలిసే అవకాశం లేదు.

తర్వాత తెలిసినవాడొకడు విడదీసి చెబితే గానీ ఎక్కడ తప్పిందో నాకు అర్థం కాలేదు. బాట్ పెట్టుకున్న నియమం ప్రకారం మాటలో చిన్న ఖాళీ వస్తే చాలు, మనిషి చెప్పడం అయిపోయిందని అక్కడితో తెంచేస్తుంది. పెద్దవాళ్లు ఆలోచించుకుంటూ ఆగుతారు కాబట్టి ఆవిడ మాటల్లో ‘నాయనా, మొన్న సందేళ ఫ్యాటు తక్కువేశారే’ వరకే లోపలికి వెళ్లింది. అందులోనూ ‘సందేళ’ని ఇంకేదో మాటగా రాసుకుంది. ఇక ‘ఫ్యాటు తక్కువేశారు’ అన్నది ఫిర్యాదు. బాట్‌కి తెలిసింది మూడే పనులు, అందులో ఫిర్యాదు లేదు. అంటే తెంచిన చోటు, వినికిడి, అర్థం చేసుకోవడం, మూడూ విడివిడిగా తప్పాయి. అయినా ఆవిడకి మూడింటికీ ఒకే వాక్యం వినిపించింది. వినబడకపోతే ‘సరిగా వినపళ్లా, ఇంకోసారి చెప్పండి’ అనాలి. విని అర్థం కాకపోతే మళ్లీ చెప్పమనడం వల్ల లాభం లేదు, ‘బిల్లు సంగతా, ఫ్యాటు సంగతా?’ అని అడగాలి. రెండోసారి కూడా కుదరకపోతే మనిషికి ఇవ్వాలి. మూడోసారి అడిగితే పెద్దవాళ్లు తప్పు తమదే అనుకుని ఫోను పక్కన పెట్టేస్తారు.

బటన్ల కథ ఇంకొకటి. వాట్సాప్‌లో ఒక మెసేజ్ కింద బదులు బటన్లు మూడే పెట్టొచ్చు, ఒక్కో బటన్ మీద 20 అక్షరాలకి మించకూడదు. ఆ 20 మనం లెక్కపెట్టే అక్షరాలు కావు. గుడి, కొమ్ము, వత్తు, సున్నా అన్నీ విడిగా లెక్కకొస్తాయి. ‘ల్లి’ అనేది మనకి ఒక అక్షరం, దానికి నాలుగు. వీళ్లు ‘చెల్లింపు స్థితి తెలుసుకోండి’ అని రాశారు. అది 28 అవుతుంది. వాళ్ల సిస్టమ్ 20 దగ్గర కత్తిరించి పంపింది. బటన్ మీద ‘చెల్లింపు స్థితి తెల’ అని మిగిలింది. చదవగలిగినవాళ్లు కూడా అదేంటని అడిగారు. ‘పాల బిల్లు’ అంటే పోయేది, పదే.

అసలు బదులు ఎలా ఉందో చూపిస్తాను. ఆ పెద్దమ్మ పది రోజుల్లో 38.4 లీటర్లు పోసింది, లీటరు 55 రూపాయల లెక్కన. బాట్ చదివి వినిపించింది ఇది:

“ప్రియమైన సభ్యులారా, మీ ఖాతాకు సంబంధించి 01/06 నుండి 10/06 వరకు గల కాలానికి మొత్తం పరిమాణం 38.4 లీటర్లు, స్థూల మొత్తం రూ. 2,112.00, మినహాయింపులు రూ. 450.00, నికర మొత్తం రూ. 1,662.00. మరిన్ని వివరాల కోసం మెనూను సందర్శించండి.”

చదివే గొంతు ‘01/06’ని ‘సున్నా ఒకటి బై సున్నా ఆరు’ అంది. 1,662.00ని ‘ఒక వెయ్యి ఆరు వందల అరవై రెండు పాయింట్ సున్నా సున్నా’ అంది. డబ్బు మాట చివర్లో వచ్చేసరికి ముందు విన్న అంకెలతో అది కలిసిపోయింది. మా ఊళ్లో ఆ మొత్తాన్ని పదహారు వందల అరవై రెండు అంటారు. ‘పాయింట్ సున్నా’ ఏంటో తెలియక, సున్నా పడిందని ఒకాయన వెళ్లి బ్యాంకులో అడిగొచ్చాడు.

ఇప్పుడు అదే సంగతి మేం మార్చి పెట్టుకున్నది: “మీకు పదహారు వందల అరవై రెండు రూపాయలు పడింది. దాణా బస్తాకి నాలుగు వందల యాభై పట్టుకున్నాం. ఇంకోసారి వినాలంటే ‘మళ్లీ’ అనండి.” అంతే. మొదట డబ్బు, తర్వాత కోత. లీటర్లు, ఫ్యాటు అడిగితేనే. అంకెల్ని అంకెలుగా వదిలేయకుండా, మనిషి పలికినట్టు మాటల్లో రాసి ఆ గొంతుకి ఇచ్చాం. ఇది చేయడానికి పెద్ద టెక్నాలజీ అక్కర్లేదు. నాలుగు రోజులు సెంటర్ దగ్గర కూర్చుని, డబ్బు ఇచ్చేటప్పుడు మా గుమస్తా ఏమంటున్నాడో రాసుకుంటే సరిపోయింది. కంపెనీ వాళ్లు ఒక్క రోజు కూడా రాలేదు.

ఇంకో పొరపాటు మనిషిని గుర్తుపట్టడంలో. వాళ్లు ఫోను నంబరుని బట్టి మనిషిని గుర్తుపట్టేలా పెట్టారు. ఒకే ఇంట్లో అత్తా కోడలూ విడివిడిగా పాలు పోస్తారు, ఫోను ఒకటే. కోడలి బిల్లు అత్తకి చెప్పింది. తర్వాత ఆ ఇంట్లో జరిగింది రాయను. మావాళ్లందరికీ కోడు నంబరు నోటికొచ్చు, రోజూ రెండు పూటలా చెబుతారు. అదే అడిగితే సరిపోయేది. అడిగాక తిరిగి చెప్పి ‘అవునా?’ అనాలి. నూట పన్నెండుని కొందరు ‘నూట పన్నెండు’ అంటారు, కొందరు ‘ఒకటీ ఒకటీ రెండూ’ అంటారు. రెండూ పట్టుకోగలగాలి. ఇంట్లో అందరి కోడ్లూ అందరికీ తెలుసు కాబట్టి దీనివల్ల గుట్టు దాగదు. ఒకరి బిల్లు ఇంకొకరికి పొరపాటున పోకుండా మాత్రం ఆగుతుంది.

నెలాఖరుకి కంపెనీ రిపోర్టు పంపింది. వచ్చిన మెసేజ్‌లన్నిటికీ సమాధానం ఇచ్చినట్టు లెక్క. ‘మీ ఇన్‌పుట్ చెల్లదు’ కూడా సమాధానమే కదా మరి! నేను కూర్చుని ఒక్క రోజు వాయిస్ మెసేజ్‌లు విన్నాను. 26 ఉన్నాయి. అడిగినదానికి సరైన బదులు దొరికింది ఏడింటికి. మీరు రిపోర్టు చూడొద్దు, సంభాషణలు చూపించమనండి. ఒకే మనిషి అయిదు నిమిషాల్లో అదే ప్రశ్న మళ్లీ పంపితే మొదటి బదులు పనికిరాలేదని అర్థం. ఆ వెంటనే మీకు ఫోను చేస్తే ఇక అనుమానమే లేదు.

కొనేముందు నేను చేయాల్సిన పని ఇదొక్కటి. మా సెంటర్‌లోనే, ఉదయం ఆరింటికి క్యాన్ల చప్పుడులో, మావాళ్ల చేత వాళ్ల మాటల్లోనే ఓ ఇరవై మెసేజ్‌లు రికార్డు చేయించి, వాళ్ల బాట్‌కి పంపి లెక్కపెట్టడం. గంట పని. అందులో నాలుగు కావాలనే వింతవి ఉండాలి: ఫిర్యాదు ఒకటి, మధ్యలో ఆగినది ఒకటి, పక్కనవాళ్లతో మాట్లాడుతూ పెట్టినది ఒకటి, బాట్‌కి సంబంధం లేనిది ఒకటి. ఈ పరీక్ష పాసైతేనే డబ్బు అని కాగితంలో రాయించాలి. అమ్మేవాడు ‘మా డెమో చూడండి సార్’ అని దాటేస్తే అక్కడే లేచి రావచ్చు.

చివరి వాయిదా 20,000 నేను ఆపాను. అప్పట్నుంచి రోజూ ఉదయం తొమ్మిదింటికి వాళ్ల నంబరు నుంచి ‘ప్రియమైన కస్టమర్, మీ చెల్లింపు పెండింగ్‌లో ఉంది’ అని వస్తోంది. నిన్న ఎందుకు ఆపానో వివరంగా వాయిస్ మెసేజ్ పెట్టాను. మీ ఇన్‌పుట్ చెల్లదని బదులొచ్చింది.